డీఎన్‌ఏ మరమ్మత్తు: ఏ పోగు సరైనదో కణం ఎలా తెలుసుకుంటుంది?

డీఎన్‌ఏ ప్రతికృతి గురించి చదివినప్పుడు ఒక విషయం గమనించి ఉంటారు. అడినిన్ ఎదుట థైమిన్, గ్వానిన్ ఎదుట సైటోసిన్ మాత్రమే అమరుతాయి కాబట్టి, ఒక పోగులోని క్షారాల వరస తెలిస్తే రెండో పోగు వరస కూడా తెలిసినట్లే. తల్లి కణం నుంచి పిల్ల కణాలకు సమాచారం ఎలా అందుతుందో చెప్పడానికి ఈ నియమాన్ని వాడుకున్నాం. మరమ్మత్తుకు కూడా ఇదే ఆధారం. ఒక దస్తావేజుకు రెండు ప్రతులు ఉన్నప్పుడు ఒకటి చిరిగితే రెండోదాన్ని చూసి తిరిగి రాసుకోవచ్చు. డీఎన్‌ఏలో ఆ రెండు ప్రతులూ ఒకదానికొకటి పెనవేసుకునే ఉన్నాయి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. దేన్ని చూసి దేన్ని దిద్దాలి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని చదివితే మరమ్మత్తు మార్గాల మధ్య తేడా సులువుగా అర్థమవుతుంది. ప్రోటీన్ల పేర్లు బట్టీ పట్టడం కంటే ఈ పద్ధతి మేలని నా అభిప్రాయం. ఒక పోగు పాడైనట్లు స్పష్టంగా కనిపిస్తే జవాబు తేలిక. రెండు పోగులూ తెగిపోతే చూసి రాసుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. రెండు పోగులూ చక్కగానే ఉండి, రాసిన మాట మాత్రం ఒకదానితో ఒకటి పొసగకపోతే? అన్నిటికన్నా చిక్కైనది ఈ మూడోదే. మొదటి రెండింటినీ క్లుప్తంగా చూసి, మూడోదాన్ని వివరంగా తెలుసుకుందాం.

పాడైన చోటు కనిపించినప్పుడు: న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ మరమ్మత్తు

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల డీఎన్‌ఏను తాకినప్పుడు, ఒకే పోగులో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లు ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకుంటాయి. దీన్నే థైమిన్ డైమర్ అంటారు. ఇది ఏర్పడిన చోట డీఎన్‌ఏ మెలిక ఆకారం చెడుతుంది. మరమ్మత్తు ప్రోటీన్లు వెతికేది ఈ చెడిన ఆకారాన్నే. ఎక్స్‌పీసీ అనే ప్రోటీన్ అక్కడ చేరుతుంది. టీఎఫ్‌2హెచ్ అనే సంక్లిష్టం ఆ భాగంలో రెండు పోగులనూ విడదీస్తుంది. తర్వాత రెండు ఎంజైమ్‌లు పాడైన పోగును డైమర్‌కు అటూ ఇటూ కత్తిరిస్తాయి. సుమారు 24 నుంచి 32 న్యూక్లియోటైడ్‌ల ముక్క ఊడి వస్తుంది. ఎదుటి పోగును చూసి పాలిమరేజ్ ఆ ఖాళీని నింపుతుంది, లైగేజ్ అతుకు వేస్తుంది. పాడైన క్షారాలు రెండే అయినా ఇంత పొడవు ముక్కను తీసేయడానికి కణం వెనుకాడదు, ఎందుకంటే చూసి రాసుకోవడానికి ఎదుటి పోగు చెక్కుచెదరకుండా ఉంది.

ఈ మార్గంలోని జన్యువుల్లో ఏదైనా ఒకటి, రెండు నకళ్లలోనూ చెడితే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే వ్యాధి వస్తుంది. ఈ పిల్లలకు కాసేపు ఎండ తగిలినా చర్మం కందిపోవచ్చు. చిన్న వయసులోనే ముఖం మీద, చేతుల మీద గోధుమరంగు మచ్చలు కమ్ముతాయి. 20 ఏళ్లలోపు వారిలో చర్మ క్యాన్సర్ ప్రమాదం సామాన్యుల కంటే వేల రెట్లు ఎక్కువ. ఇది మరమ్మత్తు లోపమని 1968లో జేమ్స్ క్లీవర్ చూపాడు. రోగుల చర్మ కణాలపై అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేసి, రేడియోధార్మిక థైమిడిన్ అందించాడు. ఆరోగ్యవంతుల కణాలు విభజన దశలో లేకపోయినా ఖాళీలను నింపుకోవడానికి ఆ థైమిడిన్‌ను వాడుకున్నాయి. రోగుల కణాలు దాదాపుగా వాడుకోలేదు.

ఈ వ్యాధి దైహిక క్రోమోజోమ్‌లపై అంతర్గత లక్షణంగా సంక్రమిస్తుంది. అంటే తల్లిదండ్రులిద్దరి నుంచీ చెడిన నకలే రావాలి. దగ్గరి బంధువుల పెళ్లిళ్లు ఆనవాయితీగా ఉన్న మన ప్రాంతంలో ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం. మేనమామ, మేనకోడలి వివాహంలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు నకళ్లూ ఒకే పూర్వీకుని నకలు నుంచి వచ్చే సంభావ్యత 1/8. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే అది 1/16.

రెండు పోగులూ తెగినప్పుడు

ఎక్స్‌-కిరణాలు గాని, ప్రతికృతి మధ్యలో కలిగే అవరోధాలు గాని డీఎన్‌ఏ రెండు పోగులనూ ఒకే చోట తెంచగలవు. అప్పుడు ఎదుటి పోగు అనేదే లేదు. కణానికి రెండు దారులున్నాయి. మొదటిది తెగిన కొసలను నేరుగా అతికించడం. కూ అనే ప్రోటీన్ జంట కొసలను పట్టుకుంటుంది, లైగేజ్-4 అతుకుతుంది. కొసలను సరిచేసే క్రమంలో కొన్ని క్షారాలు పోవచ్చు, కొన్ని చేరవచ్చు. రెండో దారి ప్రతికృతి పూర్తయిన తర్వాతే వీలవుతుంది. అప్పుడు పక్కనే అచ్చం అదే వరస గల సోదర క్రొమాటిడ్ ఉంటుంది కాబట్టి దాన్ని చూసి పోయిన భాగాన్ని తిరిగి రాసుకోవచ్చు. తెగిన పోగుపై ర్యాడ్51 ప్రోటీన్‌ను పేర్చి, దాన్ని సోదర క్రొమాటిడ్‌లోకి చొచ్చుకుపోయేలా చేయడంలో బీఆర్‌సీఏ2 ముఖ్య పాత్ర వహిస్తుంది. బీఆర్‌సీఏ1 ఈ పనికి అంతకు ముందు దశల్లో తోడ్పడుతుంది. ఈ రెండు జన్యువుల్లో ఏ ఒక్కదానిలోనైనా లోపాన్ని వారసత్వంగా పొందిన స్త్రీలలో, 80 ఏళ్ల వయసు లోపల రొమ్ము క్యాన్సర్ వచ్చే ప్రమాదం సుమారు 70 శాతం. చూసి రాసుకునే దారి మూసుకుపోయిన కణం, నేరుగా అతికించే పొరపాట్ల దారినే ఎక్కువగా ఆశ్రయించవలసి వస్తుంది. అలా ఒక క్రోమోజోమ్ ముక్క మరో క్రోమోజోమ్‌కు అతుక్కోవడం లాంటి మార్పులు పేరుకుపోతాయి.

రెండు పోగులూ బాగున్నా పొసగనప్పుడు: మిస్‌మ్యాచ్ మరమ్మత్తు

ఇప్పుడు మూడో పరిస్థితి. ముందుగా చిన్న లెక్క వేద్దాం. మానవ కణంలో రెండు నకళ్లూ కలిపి సుమారు 600 కోట్ల క్షార జతలున్నాయి. డీఎన్‌ఏ పాలిమరేజ్ క్షారాలను ఎంచుకునేటప్పుడు సుమారు లక్షకు ఒకటి తప్పుతుంది. ఇంతటితో ఆగితే ప్రతి విభజనకూ 60,000 తప్పులు. పాలిమరేజ్ తాను అప్పుడే చేర్చిన క్షారాన్ని సరిచూసుకుని, తప్పయితే వెనక్కి వచ్చి తీసేస్తుంది. దీనితో తప్పులు సుమారు 100 రెట్లు తగ్గి, కోటికి ఒకటిగా మిగులుతాయి. ఇప్పుడు 600. ఈ మిగిలినవాటిని మిస్‌మ్యాచ్ మరమ్మత్తు మరో 100 రెట్లు, లేదా అంతకంటే ఎక్కువగా తగ్గిస్తుంది. చివరికి మిగిలేవి అర డజనో, ఇంకా తక్కువో. ఈ అంకెలు స్థూలమైనవే, కాని మెట్టుమెట్టుకూ ఎంత తేడా వస్తుందో చూపడానికి చాలు.

ఈ 600 తప్పుల్లో ఒకటి, గ్వానిన్ ఎదుట థైమిన్ చేరిందనుకోండి. ఇక్కడ గ్వానిన్ పాడైనది కాదు, థైమిన్ కూడా పాడైనది కాదు. రెండూ డీఎన్‌ఏలో సహజంగా ఉండే క్షారాలే. జత మాత్రం కుదరలేదు. పాత పోగులోని గ్వానిన్‌ను ఉంచి థైమిన్‌ను మారిస్తే తప్పు సరిదిద్దినట్లు. థైమిన్‌ను ఉంచి గ్వానిన్‌ను మారిస్తే తప్పు శాశ్వతమవుతుంది, అదే ఉత్పరివర్తన. ఏ గుర్తూ చూడకుండా దిద్దే యంత్రాంగం సగం సార్లు తప్పునే ఖాయం చేస్తుంది. కాబట్టి కొత్త పోగు ఏదో తెలియాలి.

ఎశ్చెరీషియా కోలై బాక్టీరియం దీనికి చక్కటి గుర్తు పెట్టుకుంది. దాని డీఎన్‌ఏలో జీఏటీసీ అనే నాలుగు అక్షరాల వరస ఎక్కడున్నా, అందులోని అడినిన్‌కు ఒక ఎంజైమ్ మిథైల్ సమూహాన్ని తగిలిస్తుంది. నాలుగు క్షారాలతో ఏర్పడగల నాలుగక్షరాల వరసలు 256 కాబట్టి, సగటున ప్రతి 256 క్షార జతలకు ఇలాంటి చోటు ఒకటి ఎదురవుతుందని ఊహించవచ్చు. ప్రతికృతి జరిగిన వెంటనే పాత పోగుకు మిథైల్ గుర్తులుంటాయి, కొత్త పోగుకు ఇంకా ఉండవు. ఎంజైమ్ వచ్చి కొత్త పోగుకు కూడా గుర్తులు వేసేలోపు కొద్ది నిమిషాల వ్యవధి ఉంటుంది. మరమ్మత్తు ఆ వ్యవధిలోనే జరగాలి. మ్యూట్‌ఎస్ ప్రోటీన్ కుదరని జతను పట్టుకుంటుంది. మ్యూట్‌ఎల్ దానితో చేరి మ్యూట్‌హెచ్‌ను ప్రేరేపిస్తుంది. మ్యూట్‌హెచ్ దగ్గరలోని జీఏటీసీ వద్ద మిథైల్ గుర్తు లేని పోగును మాత్రమే తెంచుతుంది. ఆ తెగిన చోటు నుంచి తప్పు ఉన్న చోటు దాటేవరకు కొత్త పోగును తొలగించి, మళ్లీ రాస్తారు. ఒక్క క్షారం కోసం కొన్నిసార్లు 1,000కి పైగా న్యూక్లియోటైడ్‌లు పోతాయి. ఈ మొత్తం ప్రక్రియను శుద్ధి చేసిన ప్రోటీన్లతో పరీక్షనాళికలో నడిపి చూపిన పాల్ మోడ్రిచ్‌కు 2015లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మనిషిలో ఈ మిథైల్ గుర్తు లేదు, మ్యూట్‌హెచ్ కూడా లేదు. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 జంటగా కలిసి కుదరని జతను పట్టుకుంటాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 జంట తర్వాత చేరుతుంది, ఇందులో పోగును తెంచే సామర్థ్యం పీఎంఎస్2కు ఉంది. కొత్త పోగు ఏదన్నది రెండు ఆధారాల వల్ల తెలుస్తుంది. కొత్త పోగుల్లో ఒకటి ముక్కలు ముక్కలుగా తయారవుతుంది కాబట్టి దానిలో ఇంకా అతుకుపడని కొసలుంటాయి. పాలిమరేజ్‌ను డీఎన్‌ఏ మీద నిలిపి ఉంచే పీసీఎన్‌ఏ అనే ఉంగరం కూడా ఒక నిర్దిష్టమైన ముఖంతోనే డీఎన్‌ఏకు తొడిగి ఉంటుంది. ఆ ముఖాన్ని బట్టి పీఎంఎస్2 కొత్త పోగునే తెంచుతుంది. మూలసూత్రం మాత్రం బాక్టీరియాలో ఉన్నదే: పాతది సరైనది, కొత్తది తప్పు.

లించ్ సిండ్రోమ్

1895లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ పాథాలజిస్టు ఆల్డ్రెడ్ వార్తిన్‌తో, ఆయన దగ్గర కుట్టుపని చేసే ఒక స్త్రీ, తాను చిన్న వయసులోనే క్యాన్సర్‌తో చనిపోతానని చెప్పింది. తమ ఇంట్లో చాలామంది కడుపు, పేగు, గర్భాశయ క్యాన్సర్లతో పోయారని ఆమె లెక్క. ఆమె అన్నట్లే గర్భాశయ క్యాన్సర్‌తో మరణించింది. వార్తిన్ ఆ వంశవృక్షాన్ని గీసి 1913లో ప్రచురించాడు. 1960లలో హెన్రీ లించ్ ఇలాంటి మరిన్ని కుటుంబాలను అధ్యయనం చేశాడు. ఈ వ్యాధికి కారణమైన మొదటి జన్యువు, ఎంఎస్‌హెచ్2, 1993లో బయటపడింది. కుట్టుపని చేసిన ఆ స్త్రీ కుటుంబంలో ఉన్న లోపం కూడా ఎంఎస్‌హెచ్2లోనే అని 2000లో తేలింది.

లించ్ సిండ్రోమ్ ఉన్నవారికి పైన చెప్పిన నాలుగు జన్యువుల్లో ఏదో ఒకదాని ఒక నకలు పుట్టుకతోనే చెడి ఉంటుంది. రెండో నకలు బాగున్నంతవరకు కణంలో మరమ్మత్తు మామూలుగానే సాగుతుంది. పేగు లోపలి పొరలో ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా చెడిపోతే, ఆ కణం, దాని సంతతి తప్పులను దిద్దుకోలేవు. గమనించండి: కణం స్థాయిలో రెండు నకళ్లూ పోవాలి, అయినా కుటుంబంలో వ్యాధి బహిర్గత లక్షణంలా కనిపిస్తుంది. ఎందుకంటే జీవితకాలంలో లక్షల కణాల్లో ఒక్కదానిలోనైనా రెండో నకలు పోయే అవకాశం చాలా ఎక్కువ. బిడ్డకు ఆ చెడిన నకలు అందే సంభావ్యత సగం.

ఆ కణాల్లో తప్పులు ఎక్కడ పేరుకుంటాయి? ఒకే అక్షరం వరసగా పునరావృతమయ్యే చోట్ల. అలాంటి చోట పాలిమరేజ్ జారుతుంది, లెక్క తప్పి ఒక అక్షరం తక్కువో, ఎక్కువో రాస్తుంది. టీజీఎఫ్‌బీఆర్2 అనే జన్యువులో వరసగా 10 అడినిన్‌లున్న చోటు ఉంది. అందులో ఒకటి తగ్గి 9 అయితే, అక్కడి నుంచి మూడేసి అక్షరాలుగా చదివే క్రమం మొత్తం ఒక స్థానం జరిగిపోతుంది, ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోతుంది. ఈ ప్రోటీన్ పని, ఎదుగుదల ఆపమనే సంకేతాన్ని పేగు కణానికి అందించడం. సంకేతం అందని కణం ఆగకుండా పెరుగుతుంది. ఒక చిన్న జారుడు క్యాన్సర్‌గా మారే దారి ఇది.

ఈ జారుడునే రోగనిర్ధారణకు వాడుకుంటారు. ఎంఎస్‌హెచ్2 జన్యువులోనే, ప్రోటీన్‌కు సంకేతమివ్వని భాగంలో, 26 అడినిన్‌ల వరస ఒకటి ఉంది. దీన్ని బ్యాట్-26 అంటారు. కణితిలో దీని పొడవు కొలిచి, అదే వ్యక్తి ఆరోగ్యకరమైన కణాల్లోని పొడవుతో పోలుస్తారు. ఇలాంటి ఐదు చోట్లను పరీక్షించినప్పుడు రెండింటిలోనో, అంతకంటే ఎక్కువలోనో పొడవు మారితే మరమ్మత్తు లోపం ఉన్నట్లు. దీనికి మైక్రోశాటిలైట్ అస్థిరత అని పేరు.

రెండో పరీక్ష మరింత తేలికైనది. కణితి నుంచి పలుచని పొర కోసి, నాలుగు ప్రోటీన్లకూ ప్రతిరక్షకాలతో రంగు వేస్తారు. ప్రోటీన్ ఉంటే కేంద్రకం గోధుమ రంగులో కనిపిస్తుంది. అభ్యాసం కోసం ఒక నివేదికను ఊహించుకుందాం. 46 ఏళ్ల పురుషుడు, పెద్దపేగు కుడివైపు భాగంలో కణితి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ఉన్నాయి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 లేవు. రెండు జన్యువులూ చెడ్డాయని అనుకోవాలా? అవసరం లేదు. ఎంఎస్‌హెచ్6 తన జతగాడు ఎంఎస్‌హెచ్2 లేకుండా నిలకడగా ఉండలేదు, కణం దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది. ఎంఎస్‌హెచ్2కు మాత్రం వేరే జతగాళ్లున్నారు. కాబట్టి ఎంఎస్‌హెచ్6 ఒక్కటే లేకపోతే లోపం దానిలో ఉన్నట్లు, రెండూ లేకపోతే లోపం ఎంఎస్‌హెచ్2లో ఉన్నట్లు అనుమానించాలి. తర్వాతి మెట్టు అతని రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏలో ఎంఎస్‌హెచ్2ను పరీక్షించడం. అక్కడా లోపం దొరికితే అది పుట్టుకతో వచ్చినదే. అతని తోబుట్టువులకు, పిల్లలకు పరీక్ష అవసరం.

ఈ నివేదికను నమ్మే ముందు మరో సంగతి చూడాలి. అదే గాజు పలక మీద కణితి పక్కనున్న మామూలు పేగు కణాలకు, తెల్ల రక్తకణాలకు రంగు పట్టిందా? పట్టాలి. ఎందుకంటే లించ్ సిండ్రోమ్ ఉన్నవారిలో కూడా ఆ కణాల్లో ఒక మంచి నకలు ఉంది. వాటికి కూడా రంగు పట్టకపోతే పరీక్షే విఫలమైందని అర్థం, కణితి గురించి ఏమీ చెప్పలేం.

ఇప్పుడు రోగి వయసు 74, లేనివి ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనుకోండి. తొందరపడి వారసత్వ వ్యాధి అనకూడదు. వయసు మళ్లినవారి కణితుల్లో ఎంఎల్‌హెచ్1 జన్యువు అక్షరాలు సరిగానే ఉండి, దాని ఆరంభ ప్రాంతం మీద మిథైల్ సమూహాలు చేరడం వల్ల జన్యువు మూగబోవడం ఎక్కువగా కనిపిస్తుంది. అది సాధారణంగా ఆ కణితికే పరిమితం. పెద్దపేగు క్యాన్సర్లలో మరమ్మత్తు లోపం ఉన్నవి సుమారు 15 శాతం ఉంటే, లించ్ సిండ్రోమ్ వల్ల వచ్చినవి 3 శాతం మాత్రమే. మిగిలినవాటిలో ఎక్కువ భాగం ఈ మిథైల్ చేరిక వల్లనే. కణితిలో బీఆర్‌ఏఎఫ్ అనే జన్యువులో ఒక నిర్దిష్ట ఉత్పరివర్తన కూడా ఉంటే అది వారసత్వం కాదని దాదాపు నిశ్చయించవచ్చు.

లోపం ఉన్నదని ముందే తెలిసినవారికి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేసి, కణితిగా మారబోయే బుడిపెలను తొలగిస్తారు. కణితి వచ్చిన తర్వాత, జారుడు తప్పులు ఒక విధంగా రోగికి మేలు కూడా చేస్తాయి. చదివే క్రమం తప్పిన జన్యువుల నుంచి శరీరం ఎన్నడూ చూడని ప్రోటీన్ ముక్కలు తయారవుతాయి, రోగనిరోధక కణాలు వాటిని పరాయివిగా గుర్తిస్తాయి. ఆ కణాలకు అడ్డుగా ఉన్న సంకేతాన్ని తొలగించే పెంబ్రోలిజుమాబ్ మందు ఇలాంటి కణితులపై బాగా పనిచేస్తుంది. 2017లో అమెరికాలో దీనికి అనుమతి ఇచ్చినప్పుడు, కణితి ఏ అవయవంలో ఉందన్నది కాక మరమ్మత్తు లోపం ఉందా లేదా అన్నదే ప్రాతిపదిక చేశారు.

ఇక చివరి అంశం. పాత పోగు ఎప్పుడూ సరైనదన్న నమ్మకం తప్పయితే ఏమవుతుంది? మెదడు కణితులకు ఇచ్చే టెమోజోలమైడ్ మందు పాత పోగులోని గ్వానిన్‌కే మిథైల్ సమూహాన్ని తగిలిస్తుంది. ఆ మారిన గ్వానిన్ ఎదుట పాలిమరేజ్ థైమిన్‌ను చేరుస్తుంది. మిస్‌మ్యాచ్ యంత్రాంగం వచ్చి, తన అలవాటు ప్రకారం కొత్త పోగులోని థైమిన్‌ను తీసేస్తుంది. పాత పోగులోని అసలు లోపం అలాగే ఉంది కనుక మళ్లీ థైమిన్ చేరుతుంది, మళ్లీ తీసేస్తుంది. ఈ వృథా ప్రయాస వల్ల ఏర్పడే ఖాళీలు తర్వాతి ప్రతికృతిలో రెండు పోగుల తెగుదలగా మారి కణాన్ని చంపుతాయి. వైద్యునికి కావలసినదీ అదే. కాని మిస్‌మ్యాచ్ మరమ్మత్తు లేని కణం ఆ తప్పును పట్టించుకోదు, ఉత్పరివర్తనను మోస్తూనే బతికి విభజన చెందుతుంది. అందుకే ఈ మందు వాడిన తర్వాత తిరగబెట్టిన మెదడు కణితుల్లో కొన్నింటిలో ఎంఎస్‌హెచ్6 పోయి ఉండటం, వేల సంఖ్యలో కొత్త ఉత్పరివర్తనలు ఉండటం కనిపిస్తుంది.